సొంతంగా కట్టిన బ్రిడ్జితో హబ్ మోటార్ వెనక్కి తిరుగుతోంది, ఖాళీగానే 9 ఆంపియర్లు లాగుతోంది

ఉండి_చెరువుగట్టు
రొయ్యల చెరువులో మేత చల్లడానికి చిన్న పడవ కడుతున్నాను. పాత ఎలక్ట్రిక్ స్కూటర్ నుంచి తీసిన 48 వోల్టుల హబ్ మోటార్ ఉంది. దాని చుట్టూ రేకులు బిగించి తెడ్డు చక్రంలా వాడాలని ఆలోచన. స్కూటర్‌తో వచ్చిన కంట్రోలర్ ఉప్పునీళ్లు తగిలి పాడైపోయింది. అందుకని ఆరు మాస్‌ఫెట్‌లతో బ్రిడ్జి నేనే కట్టాను. మూడు గేట్ డ్రైవర్ ఐసీలు, ఒక ఆర్డుయినో ఊనో. హాల్ సెన్సార్ల సంఖ్యను బట్టి ఏ ఫేజుకు ప్లస్, ఏ ఫేజుకు మైనస్ ఇవ్వాలో చెప్పే ఆరు మెట్ల పట్టిక ఒకచోట దొరికితే అదే పెట్టాను.

```
hall  high  low    (hall = H3 H2 H1)
5     A     B
4     A     C
6     B     C
2     B     A
3     C     A
1     C     B
```

ఎ అంటే పసుపు వైరు, బి ఆకుపచ్చ, సి నీలం.

చక్రం తిరుగుతోంది, కానీ వెనక్కి. గుర్రుమని శబ్దం చేస్తుంది. అప్పుడప్పుడు ఒక చోట ఆగిపోయి, చేత్తో కాస్త తోస్తే మళ్లీ బయలుదేరుతుంది. గాలిలో ఖాళీగా తిరుగుతున్నప్పుడే బ్యాటరీ నుంచి 9 ఆంపియర్లు. ఐదు నిమిషాలకు హబ్ మీద చెయ్యి ఆనించలేకపోయాను. మోటార్ పాడైందా, బ్రిడ్జి తప్పా? వారం రోజులుగా ఇదే పని.

ఏరేటర్_బాబాయ్
మూడు ఫేజుల్లో ఒకటి పోయి ఉంటుంది. మా వైపు రాత్రిళ్లు ఒక ఫేజు పోతే చెరువుల మీద ఏరేటర్లన్నీ ఇలాగే గుర్రుమంటాయి, కాసేపటికి వైండింగు మాడుతుంది. ముందు స్తంభం దగ్గర ఫ్యూజు చూసుకోండి. ప్రివెంటర్ లేకుండా మోటార్ వేయవద్దు. పోయినేడాది నాకు రెండు మోటార్లు పోయాయి.

ఉండి_చెరువుగట్టు
బాబాయ్, ఇది లైను కరెంటు మీద నడిచేది కాదు. బ్యాటరీ డీసీనే బ్రిడ్జి మూడు వైర్లకు వంతులవారీగా పంచుతుంది.

ఏరేటర్_బాబాయ్
అలాగా. మరి వెనక్కి తిరగడానికైతే మందు సులువే కదా, మూడింట్లో ఏవో రెండు వైర్లు అటూ ఇటూ మార్చండి. ఏరేటర్ రివర్సులో తిరిగితే మేమందరం చేసేది అదే.

ఉండి_చెరువుగట్టు
మార్చి చూశాను. పసుపు, ఆకుపచ్చ మార్చగానే చక్రం ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదిలి అక్కడే బిగుసుకుపోయింది. తోసినా బయలుదేరలేదు. వెంటనే ఆపేశాను.

పాలకొల్లు_ఈబైక్
మూడు వైర్లను ఆరు రకాలుగా కలపవచ్చు. ఆరూ ప్రయత్నించండి, ఒకటి కుదురుతుంది. పదేళ్లుగా మా షెడ్డులో ఇదే పద్ధతి. చక్రం తిరిగిందంటే సరిపోయినట్టే.

గౌతమి_పాయ
పాలకొల్లు గారూ, ఆరింటిలో ఒకటి కుదురుతుందన్నది నిజం. "తిరిగితే సరిపోయినట్టే" అన్నది మాత్రం ఒప్పుకోలేను. ఈయన మోటార్ తిరుగుతూనే ఉంది కదా, అదే ఇక్కడి చిక్కు.

హాల్ వైర్లను కదపకుండా ఫేజు వైర్లను ఆరు రకాలుగా మారిస్తే ఒక్కటే సరైనది. మూడింటిలో చక్రం ఉలిక్కిపడి బిగుసుకుపోతుంది. ఉండి గారు రెండు వైర్లు మార్చినప్పుడు చూసింది అదే. అక్కడ అయస్కాంత క్షేత్రం తిరిగే దిక్కు, హాల్ సంఖ్యలు నడిచే దిక్కు ఎదురెదురుగా ఉంటాయి. చక్రం ఒక మెట్టు కదిలితే వచ్చే కొత్త సంఖ్య దాన్ని మళ్లీ వెనక్కి లాగుతుంది. ఏరేటర్ మోటార్‌లో హాల్ సెన్సార్లు లేవు కాబట్టి అక్కడ బాబాయ్ గారి మాట చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు.

మిగిలిన రెండూ మోసం చేసేవి. చక్రం తిరుగుతుంది, కానీ అనుకున్న దిక్కుకు ఎదురుగా, సగం బలంతో, వేడెక్కుతూ. మొదటి పోస్టులో రాసిన లక్షణాలన్నీ వాటివే. మోటార్ బాగానే ఉందని నా నమ్మకం.

అమలాపురం_మూడోఏడు
సగం బలం అని అంత కచ్చితంగా ఎలా చెప్పగలరు మేడమ్? మాకు క్లాసులో ఆరు మెట్ల పట్టిక ఒకటి రాయించారు, దాన్ని తప్పుగా కలిపితే ఏమవుతుందో చెప్పలేదు.

గౌతమి_పాయ
బలం చక్రంలోని అయస్కాంతానికీ కాయిల్ క్షేత్రానికీ మధ్య ఉన్న కోణం మీద ఆధారపడుతుంది. 90 డిగ్రీల దగ్గర అత్యధికం, సున్నా దగ్గర ఏమీ ఉండదు. క్షేత్రం 60 డిగ్రీల గెంతులతోనే కదులుతుంది కాబట్టి పట్టిక సరిగా ఉన్నప్పుడు ఈ కోణం 60కీ 120కీ మధ్య ఊగుతూ ఉంటుంది. ఆ పరిధిలో సైన్ సగటు 0.95. పట్టిక రెండు మెట్లు జరిగితే కోణం సున్నాకీ 60కీ మధ్య పడుతుంది, అదీ ఎదురు దిక్కులో. సగటు 0.48. నువ్వే కాగితం మీద వేసి చూడు. కాయిల్ వోల్టేజీ ఆకారం అచ్చంగా సైన్ కాకపోతే అంకె కొద్దిగా మారుతుంది.

ఒక అంచున కోణం సున్నాకు చేరుతుంది, అంటే ఆ చోట చక్రానికి తోపే లేదు. చేత్తో తోస్తే బయలుదేరేది అందుకే. అదే చోట కాయిల్ పుట్టించే ఎదురు వోల్టేజీ కూడా దాదాపు సున్నా. బ్యాటరీని ఆపడానికి రాగి తీగ నిరోధం ఒక్కటే మిగులుతుంది. ఆ 9 ఆంపియర్లలో ఎక్కువ భాగం అక్కడే వేడిగా పోతోంది.

పాలకొల్లు_ఈబైక్
నేను చెప్పకుండా వదిలేసింది ఒకటుంది. మేము ఆరూ ప్రయత్నించేటప్పుడు ఆమ్మీటర్ పెట్టే చేస్తాం, అన్నిటికంటే తక్కువ లాగిన అమరికను ఉంచుతాం. కాబట్టి మా పద్ధతిలో మోసపోయేది లేదు.

గౌతమి_పాయ
ఆమ్మీటర్‌తో అయితే మీ పద్ధతి మంచిదే, నా అభ్యంతరం లేదు. కానీ మీరు వాడేవి కరెంటు పరిమితి ఉన్న కంట్రోలర్లు. ఈయన బ్రిడ్జిలో అది ఉన్నట్టు రాయలేదు. చక్రం బిగుసుకుపోయే మూడు అమరికల్లో మాస్‌ఫెట్‌లు బతకడం కష్టం.

ఉండి_చెరువుగట్టు
కరెంటు పరిమితి లేదు. ఇప్పటికే రెండు మాస్‌ఫెట్‌లు మార్చాను. బ్రిడ్జిని కదపకుండా సరైన పట్టిక కనుక్కునే మార్గం ఉందా?

గౌతమి_పాయ
ఉంది. బ్రిడ్జిని మోటార్ నుంచి పూర్తిగా విప్పేయండి. 12 వోల్టుల బ్యాటరీ, దానికి వరుసలో కారు హెడ్‌లైటు బల్బు, 55 వాట్లది. బల్బు ఉంటే నాలుగున్నర ఆంపియర్లకు మించి పోదు. హాల్ సెన్సార్లకు 5 వోల్టులు ఇచ్చి, ఊనో తెర మీద సంఖ్య వచ్చేలా పెట్టుకోండి. ఫేజులకు డీసీ ఇస్తే చక్రం ఒక చోట కుదురుకుంటుంది. అక్కడ సంఖ్య చదవండి. చక్రాన్ని అటూ ఇటూ కొంచెం కదిపి వదిలి, అదే చోటుకు వస్తోందో లేదో చూసి మరీ రాసుకోండి.

యానాం_రిపేర్లు
హాల్ వైర్లకు పుల్-అప్ రెసిస్టర్లు పెట్టారా? ఆ సెన్సార్లు వైరును కిందికి లాగగలవు, పైకి ఎత్తలేవు. ఊనో లోపలి పుల్-అప్ మీద వదిలేస్తే మోటార్ రొద అంతా అందులోకి వస్తుంది.

ఉండి_చెరువుగట్టు
లోపలిదే వాడుతున్నాను. ఇప్పుడే 4.7 కిలో ఓములవి పెడతాను.

ఉండి_చెరువుగట్టు
ప్రయోగం చేశాను, అయోమయంలో పడ్డాను. పసుపుకు ప్లస్, ఆకుపచ్చకు మైనస్ ఇచ్చాను. చక్రం బాగానే కుదురుకుంది. కానీ తెర మీద 1, 5, 1, 5 అని గబగబా మారుతోంది. పక్కన బల్ల కదిలినా మారుతోంది. పసుపు నుంచి నీలానికి ఇస్తే మరో రెండు సంఖ్యల మధ్య అదే వరస. కొత్త రెసిస్టర్లు పెట్టాక కూడా ఇంతే. సెన్సార్లు పోయాయా?

పాలకొల్లు_ఈబైక్
సెన్సార్ వదులైపోయింది. జిగురు ఊడి ఉంటుంది.

గౌతమి_పాయ
లేదు, సెన్సార్లు చక్కగా ఉన్నాయని చెప్పడానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు. ఎలా చేయాలో సరిగా రాయకపోవడం నా పొరపాటు.

రెండు ఫేజుల గుండా కరెంటు పోతే చక్రం ఆగే చోటు సరిగ్గా రెండు హాల్ సంఖ్యల సరిహద్దు మీద పడుతుంది. సరిహద్దులను తయారీలో అలా పెట్టడమే పద్ధతి. చక్రం క్షేత్రానికి 60 డిగ్రీల దూరంలోకి రాగానే సంఖ్య మారి, క్షేత్రం తర్వాతి మెట్టుకు గెంతాలి కదా, ఆ లెక్క వల్ల వస్తుంది. గట్టు మీద నిలబడినవాణ్ణి నువ్వు ఏ చెరువులో ఉన్నావని అడిగినట్టు అయింది.

మూడు వైర్లూ వాడండి. పసుపుకు ప్లస్, ఆకుపచ్చ నీలం రెండూ కలిపి మైనస్. ఇప్పుడు చక్రం పసుపు ఫేజు మీదికి వచ్చి ఆగుతుంది. ఆ చోటు ఒక సంఖ్య పరిధికి నడిమధ్యన ఉంటుంది కాబట్టి అంకె కదలదు. ఇలా ఒక వైరు ఒకవైపు, మిగతా రెండు మరోవైపు పెడితే ఆరు రకాలు వస్తాయి.

పట్టిక దానంతట అదే బయటపడుతుంది. ఏ వైరు ఒంటరిగా చక్రాన్ని లాగి ఆపిందో, ఆ సంఖ్య వచ్చినప్పుడు ఆ వైరును ఖాళీగా వదిలేయాలి, మిగతా రెండింటిలో కరెంటు పోనివ్వాలి. 90 డిగ్రీలు ముందు ఉండేది ఆ జతే. పసుపు ప్లస్‌తో ఆగినప్పుడు వచ్చిన సంఖ్యకు ఆకుపచ్చ ప్లస్, నీలం మైనస్ ఇస్తే ఒక దిక్కు, తిరగేస్తే రెండో దిక్కు.

అమలాపురం_మూడోఏడు
మా ల్యాబులో రెండు వైర్లతోనే చేసి, మారే సంఖ్యల్లో ఏదో ఒకటి రాసుకున్నాం. సగం బ్యాచ్‌కు మోటార్ తిరగలేదు. కారణం ఇప్పుడు తెలిసింది.

ఏరేటర్_బాబాయ్
గట్టు మీద మనిషి ఉపమానం నాకే అర్థమైందంటే ఇక అందరికీ అర్థమైనట్టే. కానివ్వండి, వింటున్నాను.

ఉండి_చెరువుగట్టు
అయింది. అంకెలు ఈసారి రాయిలా నిలబడ్డాయి. చక్రం మీద సుద్దతో గీతలు పెట్టుకుంటూ చేశాను.

పసుపు ప్లస్, మిగతా రెండూ మైనస్: 5.
నీలం మైనస్, మిగతా రెండూ ప్లస్: 4.
ఆకుపచ్చ ప్లస్: 6. పసుపు మైనస్: 2. నీలం ప్లస్: 3. ఆకుపచ్చ మైనస్: 1.

మీరు చెప్పినట్టు రాస్తే పట్టిక ఇలా వచ్చింది.

```
hall  high  low
5     B     C
4     B     A
6     C     A
2     C     B
3     A     B
1     A     C
```

పాత పట్టికతో పోల్చి చూశాను. వరస అంతా అదే, సరిగ్గా రెండు మెట్లు జరిగి ఉంది! పాత దానిలో 6కి ఉన్న జత కొత్తదానిలో 5కి వచ్చింది. రాత్రి భోజనం అయ్యాక బ్రిడ్జి కలుపుతాను.

గౌతమి_పాయ
4లో నీలం ఖాళీ కాబట్టి పసుపు, ఆకుపచ్చ. 6లో ఆకుపచ్చ ఖాళీ. అన్నీ సరిపోయాయి. ఒక సంఖ్య నుంచి తర్వాతి సంఖ్యకు ఒకే సెన్సార్ మారుతోంది, అదీ బాగుంది. కలిపేటప్పుడు కూడా బ్యాటరీకి ఆ బల్బును వరుసలో ఉంచి మొదలుపెట్టండి.

యానాం_రిపేర్లు
నా దగ్గరికి వచ్చిన ఒక సైకిల్ సంగతి చెబుతాను. ఇలాగే గుర్రుమంటుంటే పట్టిక తప్పేమోనని రెండు రోజులు తల పగలగొట్టుకున్నాను. తీరా చూస్తే హాల్ కనెక్టర్‌లో ఒక పిన్ను పచ్చగా తుప్పు పట్టి ఉంది. సముద్రపు గాలి కదా. ఆ వైరు తెగినట్టే లెక్క, పుల్-అప్ దాన్ని ఎప్పుడూ పైనే ఉంచుతుంది. చక్రాన్ని చేత్తో తిప్పితే మధ్యమధ్య 7 కనిపించింది. మంచి మోటార్‌లో 0 గానీ 7 గానీ రాకూడదు. ఉండి గారూ, మీ ప్రోగ్రాములో 7 వస్తే ఏం చేస్తోంది?

ఉండి_చెరువుగట్టు
ఏమీ రాయలేదు. పాత మెట్టే కొనసాగుతుంది.

యానాం_రిపేర్లు
వెంటనే ఆరు మాస్‌ఫెట్‌లూ ఆపేయాలి. పడవ చెరువు మధ్యలో ఉండగా వైరు తెగితే ఏమవుతుందో ఊహించుకోండి.

పాలకొల్లు_ఈబైక్
ఒక్కసారి 7 వచ్చిందని ఆపేస్తే పడవ చెరువు మధ్యలోనే నిలిచిపోతుంది. రొద వల్ల కూడా వస్తుంది. నేనైతే వరుసగా కొన్నిసార్లు చదివినా అదే వస్తేనే ఆపుతాను. పైగా 60 డిగ్రీల రకం మోటార్లు ఉన్నాయి, వాటికి 0, 7 మామూలే. మధ్య సెన్సార్‌ను తలకిందులుగా చదివితే అవీ ఈ రకంలాగే పనిచేస్తాయి.

యానాం_రిపేర్లు
60 డిగ్రీల మాట నిజమే, కానీ ఈయనది ఆ రకం కాదని ఆరు అంకెలూ చెబుతున్నాయి. రొదను వైరు దగ్గరే కెపాసిటర్‌తో తగ్గించాలి, ప్రోగ్రాములో దాచకూడదు. దాస్తే తుప్పు పట్టే పిన్ను సంగతి చివరి రోజు దాకా తెలియదు.

పాలకొల్లు_ఈబైక్
చెరువులో దిగి పడవను లాక్కొచ్చేది ఆయన. ఆయన ఇష్టం.

ఉండి_చెరువుగట్టు
బల్బుతో మొదలుపెట్టాను. చక్రం ముందుకు కదిలింది, బల్బు సన్నగా వెలిగి మళ్లీ మసకబారింది. బల్బు తీసేసి నేరుగా ఇచ్చాను. 0.8 ఆంపియర్లు! శబ్దం లేదు, గాలి చప్పుడు తప్ప. పావుగంట తిప్పినా హబ్ చల్లగానే ఉంది. చీకట్లో షెడ్డు గుమ్మంలో కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాను. గౌతమి గారూ, మీ మేలు మరచిపోలేను.

ఒక్కటే మిగిలింది. వెనక్కి నడపడానికి అదే పట్టికలో ప్లస్, మైనస్ తిరగేశాను. తిరుగుతోంది, కానీ 1.5 ఆంపియర్లు, సన్నటి రొద. రెండు దిక్కులూ ఒకేలా ఉండవద్దా?

గౌతమి_పాయ
ఉండాలి. సెన్సార్లు మూడూ కలిసి కొంచెం పక్కకు జరిగి ఉంటే ఒక దిక్కులో మెట్టు తొందరగా మారుతుంది, రెండో దిక్కులో ఆలస్యంగా. మూడింట్లో ఒకటే జరిగి ఉంటే రెండు దిక్కుల్లోనూ గరుకుదనం ఉంటుంది. మీ అంకెలను బట్టి మొదటిదే అనిపిస్తోంది, కానీ చూడకుండా గట్టిగా చెప్పలేను. చక్రాన్ని ఒక చుట్టు తిప్పితే ఒక హాల్ సెన్సార్ ఎన్నిసార్లు మారి తిరిగి వస్తోంది?

ఉండి_చెరువుగట్టు
రెండుసార్లు లెక్కపెట్టాను, 23.

గౌతమి_పాయ
అంటే 23 జతల ధ్రువాలు, చుట్టుకు 138 మెట్లు. ఇలాంటి హబ్‌లలో సెన్సార్లు కూర్చునే వలయం వ్యాసం సుమారు 21 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత 66. దాన్ని 23తో భాగిస్తే ఒక పూర్తి విద్యుత్ చుట్టుకు 29 మిల్లీమీటర్లు కూడా లేదు. సెన్సార్ ఒక్క మిల్లీమీటరు జరిగితే 12 డిగ్రీలకు పైగా తేడా. జిగురు వేసేటప్పుడు వేలు జారినా చాలు.

అమలాపురం_మూడోఏడు
ప్రోగ్రాములో సరిచేయవచ్చు కదా? వెనక్కి వెళ్లేటప్పుడు సెన్సార్ మారిన సమయాన్ని బట్టి తర్వాతి మెట్టును కొంచెం ముందే వేస్తే.

గౌతమి_పాయ
చేయవచ్చు, వేగం నిలకడగా ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. బయలుదేరేటప్పుడు ముందటి సమయం ఉండదు కాబట్టి ఉపయోగపడదు.

పాలకొల్లు_ఈబైక్
పడవ వెనక్కి వెళ్లేది ఎంతసేపు? గట్టుకు తగిలితే పది సెకన్లు. 1.5 ఆంపియర్ల కోసం హబ్ విప్పితే మూత బిగింపు పోయి నీళ్లు లోపలికి వెళతాయి. వదిలేయమంటాను.

యానాం_రిపేర్లు
నేను విప్పమంటాను. ఎలాగూ ఉప్పునీళ్ల మీద తిరిగేది. లోపల కనెక్టర్, సీలు ఒకసారి చూసుకోకుండా ఎలా దించుతారు?

గౌతమి_పాయ
విప్పినా విప్పకపోయినా ఒకటి గుర్తుంచుకోండి ఉండి గారూ. జోరుగా ముందుకు తిరుగుతుండగా పట్టికను తిరగేయవద్దు. అప్పుడు మోటార్ పుట్టించే వోల్టేజీ బ్యాటరీకి తోడవుతుంది, మీ మూడో మాస్‌ఫెట్ అక్కడ పోతుంది. ఆరూ ఆపి, హాల్ సంఖ్య మారడం ఆగాక దిక్కు మార్చండి. నీళ్లలో చక్రం త్వరగానే ఆగుతుంది.

ఏరేటర్_బాబాయ్
పడవ పూర్తయ్యాక ఒకసారి చూడటానికి వస్తాను. మా చెరువు ఎకరంన్నర, మేత చల్లడానికి మనిషి దొరకడం లేదు. ఈ మోటార్‌తో ఏరేటర్ తిప్పవచ్చేమో కూడా అప్పుడు మాట్లాడుకుందాం.

ఉండి_చెరువుగట్టు
తప్పకుండా రండి బాబాయ్. 7 వస్తే ఆరూ ఆగేలా రాశాను, మీటను మళ్లీ సున్నాకు తెస్తేనే బయలుదేరుతుంది. పాలకొల్లు గారు ఏమీ అనుకోవద్దు, నాకు ఈత రాదు. ఆదివారం పట్టుబడి ఉంది, అది అయ్యాక హబ్ మూత విప్పి చూస్తాను.

గౌతమి_పాయ
విప్పాక ఏ సెన్సార్ జిగురూ కదపకముందే ఫోనుతో ఫొటో తీసి, స్టేటర్ పళ్ల అంచు నుంచి ఒక్కొక్కటి ఎంత దూరంలో ఉందో కొలిచి ఇక్కడ పెట్టండి.